లెగ్ పీసు ఎముక దాకా వేగాలంటే ఎలా?

చికెన్ లెగ్ పీసులు నూనెలో వేయించినప్పుడు చాలామందికి ఎదురయ్యే సమస్య ఒకటే. పైన చక్కగా ఎర్రబడుతుంది, ఒక్కోసారి మాడుతుంది కూడా. కొరికి చూస్తే ఎముక దగ్గర మాత్రం పచ్చిగా, జారుడుగా ఉంటుంది. పైన పట్టించిన మసాలా, లోపలి మాంసం ఒకే వేగంతో ఉడకకపోవడమే దీనికి కారణం. కారం, పెరుగు, అల్లం వెల్లుల్లి ముద్ద కలిసిన మన మసాలా 180 డిగ్రీల నూనెలో నాలుగైదు నిమిషాలకే నల్లబడటం మొదలుపెడుతుంది. అదే సమయానికి మందపాటి లెగ్ పీసులో ఎముక దగ్గరికి వేడి ఇంకా సరిగా చేరదు. అందుకే ఎముక ఉన్న ముక్కలను 160 డిగ్రీల దగ్గర నిదానంగా వేయించాలని నేను గట్టిగా చెబుతాను. ఇక్కడ డిగ్రీలన్నీ సెల్సియస్‌లోనే.

ఆరు లెగ్ పీసులతో, అంటే సుమారు 700 గ్రాముల చికెన్‌తో చేసి చూద్దాం.

ముక్కల తయారీ

ఫ్రీజర్‌లో పెట్టిన చికెన్ అయితే ముందు రోజు రాత్రే ఫ్రిజ్ కింది అరలోకి మార్చండి. కీలు దగ్గర కొంచెం మంచు మిగిలినా అక్కడ మాంసం ఉడకదు, పైగా నూనె చిందుతుంది. ప్రతి ముక్కకూ రెండు వైపులా రెండేసి గాట్లు, కత్తి ఎముకకు తగిలేంత లోతుగా పెట్టండి. ఉప్పూ కారం లోపలికి వెళ్ళడానికే అందరూ గాట్లు పెడతారు కానీ, వేడి ఎముక దాకా తొందరగా చేరడానికి కూడా అవే దారి.

ఒకటిన్నర టీస్పూన్ల ఉప్పు, రెండు టీస్పూన్ల కారం, ఒక టేబుల్ స్పూన్ అల్లం వెల్లుల్లి ముద్ద, అర చెక్క నిమ్మరసం పట్టించి కనీసం నాలుగు గంటలు ఫ్రిజ్‌లో ఉంచండి. వేయించడానికి అరగంట ముందు బయటపెట్టి, ఒక గుడ్డు, మూడు టేబుల్ స్పూన్ల కార్న్‌ఫ్లోర్, రెండు టేబుల్ స్పూన్ల బియ్యప్పిండి కలపండి. ముక్కను ఎత్తితే పిండి ధారగా కారకూడదు, పలుచగా అంటుకుని ఉండాలి. మందంగా పట్టిన పిండి లోపల పచ్చిగా మిగిలిపోతుంది.

నూనె వేడి

అడుగు మందంగా ఉన్న లోతైన బాణలిలో లీటరు నూనె పోయండి. నూనె బాణలిలో సగం దాటకూడదు. రిఫైన్డ్ వేరుశనగ నూనె గానీ సన్‌ఫ్లవర్ నూనె గానీ బాగుంటుంది. గానుగ నూనె రుచి నాకూ ఇష్టమే. కానీ అది చాలా ముందుగానే పొగ రావడం మొదలవుతుంది కాబట్టి ఇంతసేపు వేయించే పనికి వాడను.

మీడియం మంట మీద నూనెను 175 డిగ్రీలకు తీసుకురండి. వేయించాల్సింది 160లో అయితే 175 ఎందుకంటే, చల్లని ముక్కలు వేయగానే నూనె వేడి 20 డిగ్రీలకు పైగా పడిపోవచ్చు. థర్మామీటర్ లేకపోతే చిటికెడు పిండి ముద్ద వేసి చూడండి. అది కొంచెం మునిగి, ఒకటి రెండు సెకన్లలో పైకి తేలి, చుట్టూ సన్నని బుడగలు వస్తే వేడి సరిపోయినట్టు. అసలు మునగకుండానే తేలి రంగు మారితే ఎక్కువైంది, మంట తగ్గించి కాసేపు ఆగండి. అడుగునే ఉండిపోతే ఇంకా కాగాలి.

వేయించడం

ఆరూ ఒకేసారి వేయొద్దు. మూడు ముక్కలు వేస్తే చాలు. కిక్కిరిసిపోతే నూనె వేడి బాగా పడిపోయి, పిండి నూనె పీల్చి మెత్తగా తయారవుతుంది. ముక్కలు వేసిన వెంటనే మంట పెంచండి. మొదటి రెండు నిమిషాలు గరిటె పెట్టకండి, పిండి ఇంకా గట్టిపడదు కాబట్టి ఊడిపోతుంది. నూనె మళ్ళీ 160కి రాగానే మంట మీడియం కంటే కాస్త తగ్గించి, అక్కడే నిలబెట్టండి. రెండు మూడు నిమిషాలకోసారి తిప్పుతూ ఉండాలి.

వంద, నూట ఇరవై గ్రాముల లెగ్ పీసుకు ఈ వేడిలో 12 నుంచి 14 నిమిషాలు పడుతుంది. మందంగా ఉండే తొడ ముక్కకు ఇంకో రెండు నిమిషాలు కలుపుకోండి. మొదట గలగలమని వచ్చిన బుడగలు పోను పోను తగ్గుతాయి. అది చూసి దించేయకండి. పైపొరలో తడి తగ్గిందనే దానికి అర్థం, లోపల ఉడికిందని కాదు. ఆరేడు నిమిషాలకే ముదురు రంగు వచ్చేస్తే మంట ఎక్కువుంది. తగ్గించి 150 దగ్గర పూర్తిచేయండి.

ఎముక దగ్గర ఉడికిందా?

12 నిమిషాలకు అన్నిటికంటే లావుగా ఉన్న ముక్కను బయటికి తీయండి. వంటకు వాడే థర్మామీటర్ మొనను బాగా మందంగా ఉన్న చోట, ఎముక పక్కనే దిగేలా గుచ్చండి. ఎముకకు తగలకూడదు, తగిలితే వచ్చే అంకెను నమ్మలేం. రెండు మూడు చోట్ల చూసి, వాటిలో తక్కువ అంకెనే లెక్కలోకి తీసుకోండి. 74 డిగ్రీలు వస్తే తినడానికి భద్రం. కానీ కాలి మాంసంలో నరాలు, జిగురు పొరలు ఎక్కువ. 80 నుంచి 85 మధ్య అవి కరిగి, మాంసం ఎముకను తేలిగ్గా వదులుతుంది. నేను 82 వచ్చేదాకా ఆగుతాను. బ్రెస్ట్ ముక్క అయితే ఆ వేడికి ఎండిపోతుంది గానీ, లెగ్ పీసు ఎండదు.

థర్మామీటర్ లేనివాళ్ళు ఒక ముక్కను ఎముక వెంబడి కత్తితో చీల్చి చూడాల్సిందే. ఉడికిన మాంసం తెల్లగా మందంగా కనిపిస్తుంది, పోగులు పోగులుగా విడిపోతుంది. ఉడకనిది గాజులా మెరుస్తూ, కత్తికి సాగుతూ ఉంటుంది.

ఇక్కడ చాలామందిని టెన్షన్ పెట్టే విషయం ఒకటుంది. పూర్తిగా ఉడికిన ముక్కలోనూ ఎముక చుట్టూ ఎరుపు, గోధుమ రంగు మరకలు కనిపిస్తాయి. బ్రాయిలర్ కోళ్ళను సుమారు ఆరేడు వారాలకే కోస్తారు. వాటి ఎముకలు ఇంకా పూర్తిగా గట్టిపడవు కాబట్టి లోపలి మూలుగలోని రంగు బయటికి ఊరుతుంది. ఫ్రీజర్‌లో పెట్టిన చికెన్‌లో ఇది ఇంకా ఎక్కువ. మాంసం పోగులుగా విడిపోతూ, 74 దాటి ఉంటే ఆ ఎరుపు వల్ల ఇబ్బంది లేదు. రంగు తెల్లగా ఉన్నంత మాత్రాన ఉడికిందని కూడా అనుకోకూడదు. థర్మామీటర్ లేక, ఎరుపు చూసి అనుమానంగా ఉంటే మాత్రం ఇంకో మూడు నిమిషాలు వేయించడమే మేలు.

కొలిచినప్పుడు 65 వచ్చిందనుకోండి. ముక్కలను మళ్ళీ నూనెలో వేసి, 150 దగ్గర మూడు నిమిషాలు ఉంచి, మళ్ళీ కొలవండి. సగం వేయించి పక్కన పెట్టి, సాయంత్రం చుట్టాలు వచ్చాక మిగతాది వేయిద్దామనుకోవద్దు. గోరువెచ్చని పచ్చి మాంసంలో సూక్ష్మక్రిములు చాలా వేగంగా పెరుగుతాయి. ముందుగా చేసుకోవాలంటే పూర్తిగా ఉడికేలా వేయించి ఫ్రిజ్‌లో పెట్టండి. తర్వాత లోపలిదాకా బాగా వేడయ్యేలా మళ్ళీ వేయించండి.

ఉడికిన ముక్కలను జాలీ మీద ఐదు నిమిషాలు ఉంచండి. మూత పెడితే ఆవిరికి పైపొర మెత్తబడుతుంది. ఈలోగా నూనెలో తేలే పిండి పలుకులను చిల్లుల గరిటెతో తీసేసి, మళ్ళీ 175కి తెచ్చి మిగతా మూడూ వేయండి. పలుకులు వదిలేస్తే అవి మాడి, రెండో వాయికి చేదు వస్తుంది. ఇంకా కరకరలాడాలంటే అన్నీ అయ్యాక నూనెను 185కి తెచ్చి, ముక్కలను ఒక్క నిమిషం ముంచి తీయండి. లోపల అప్పటికే ఉడికిపోయింది కాబట్టి ఈసారి రంగు చూసి దించితే చాలు.