కుర్తీ తొడిగిన బొమ్మను ఫొటోలోంచి మాయం చేసి, మెడ లోపలి భాగం అతకడం ఎలా?

బొమ్మను చెరిపేయడం పెద్ద పనేం కాదు. చెరిపాక మెడ దగ్గర మిగిలే ఖాళీతోనే అసలు తిప్పలు. అక్కడ కనిపించాల్సింది వెనక భాగపు లోపలి గుడ్డ. దాన్ని బ్రష్‌తో గీసేకన్నా ఫొటో తీసుకోవడమే తేలిక.

పెడన కలంకారీ గుడ్డతో కుట్టిన గుండ్రటి మెడ కుర్తీ ఒకటి తీసుకుందాం. కెమెరాను ట్రైపాడ్ మీద ఛాతీ ఎత్తులో బిగించి, బొమ్మకు తొడిగిన కుర్తీని ముందు వైపు నుంచి తీయండి. తర్వాత కుర్తీని తిరగేసి, అంటే లోపలి వైపు బయటికి వచ్చేలా తొడిగి, బొమ్మ వీపును కెమెరా వైపు తిప్పి రెండో ఫొటో తీయండి. లైట్లు, కెమెరా కదలకూడదు. ఈసారి లేబుల్ మీ వైపే ఉంటుంది, కుడి ఎడమలు కూడా మొదటి ఫొటోతో సరిపోతాయి.

ఫొటోషాప్‌లో మొదటి ఫొటో తెరిచి, Pen Tool తో కుర్తీ అంచు వెంబడి గీత గీయండి. మెడ పైపింగ్ దగ్గర గీతను గుడ్డ మీదికి ఒక పిక్సెల్ లోపలికి జరపాలి, లేకపోతే బొమ్మ రంగు సన్నటి గీతలా మిగిలిపోతుంది. ఆ గీతను సెలెక్షన్‌గా మార్చి, ఫెదర్ అర పిక్సెల్ ఇచ్చి లేయర్ మాస్క్ వేయండి. ఎరేజర్ ముట్టుకోవద్దు, తప్పు జరిగితే వెనక్కి రాలేరు.

రెండో ఫొటోలోంచి వెనక మెడ ముక్కను, కావలసినదానికన్నా కాస్త పెద్దగా కత్తిరించి, ముందు భాగం లేయర్ కింద పెట్టండి. Ctrl+T నొక్కి, Warp తో రెండు కొసలనూ భుజం కుట్ల దగ్గరికి లాగండి. భుజం కుట్టు దాటి ముక్క బయటికి వస్తే మెడ కింద బిబ్ కట్టినట్టుంటుంది.

ఇక నీడ. లోపలి గుడ్డ బయటి గుడ్డంత వెలుగులో ఉంటే అతికించినట్టు ఇట్టే తెలిసిపోతుంది. ఆ ముక్కకు క్లిప్ చేసిన కొత్త లేయర్ వేసి, మోడ్ Multiply పెట్టండి. మెత్తటి బ్రష్, 15 శాతం అపాసిటీ చాలు. నలుపు వద్దు, గుడ్డలోనే ఉన్న ముదురు రంగు తీసుకోండి. ముందు మెడ అంచుకు ఆనుకున్న చోట నీడ చిక్కగా, పైకి వెళ్తున్నకొద్దీ పల్చగా రావాలి. చేతుల చివర, చీలికల దగ్గర లోపలి గుడ్డ కనిపిస్తే అక్కడా ఇదే పద్ధతి.

రెండో ఫొటో తీయలేదా? కుర్తీ వెనక వైపు మామూలు ఫొటో ఉంటే, దాన్ని Flip Horizontal తో కుడి ఎడమలు మార్చి వాడొచ్చు. పోచంపల్లి ఇకత్‌కి ఇది బాగా నప్పుతుంది. నేతకు ముందే నూలుకు రంగు వేస్తారు కాబట్టి రెండు వైపులా దాదాపు ఒకేలా ఉంటుంది. అచ్చు వేసిన కలంకారీకి మాత్రం లోపలి వైపు రంగు సాధారణంగా పల్చగా ఉంటుంది, అందుకే సాచురేషన్ తగ్గించాలి. లేబుల్, లోపలి కుట్టు ఇందులో రావు. కొనేవాళ్లకు అవి చూపించాలనుకుంటే మళ్లీ ఫొటో తీయాల్సిందే.

చివర్లో అన్నిటికన్నా కింద ముదురు బూడిద రంగు లేయర్ పెట్టి చూడండి. తెల్లటి నేపథ్యంలో దాక్కున్న అంచు లోపాలన్నీ బయటపడతాయి.