స్నేహితుడి పెళ్ళిలో మైకు పట్టుకుంటే – 4వ పాఠం: చివరి ఒక్క వాక్యం

ఈసారి నేరుగా ముగింపు వాక్యంలోకి వెళ్దామనుకున్నాను. కానీ ఆటపట్టించడం మీద పోయిన పాఠం చదివి ఒకాయన రిసెప్షన్‌లో పెళ్ళికొడుకు ఏడు బ్యాక్‌లాగ్స్ కథ చెప్పాడట. ఫ్రెండ్స్ బ్యాచ్ ఈలలు వేసింది. ముందు వరసలో కూర్చున్న అమ్మాయి మేనమామ మాత్రం వియ్యంకుడి వైపు వంగి "ఇంతకీ డిగ్రీ చేతికొచ్చిందా అండీ?" అని అడిగాడట. తప్పు నాదే. అలవాట్ల మీద జోకులు వేయండి అన్నాను గానీ, సంబంధం కుదిరేటప్పుడు పెద్దలు ఆరా తీసే విషయాల జోలికి వెళ్ళొద్దని చెప్పలేదు. చదువు, జీతం, అప్పు, మందు, పాత ప్రేమ, ఈ అయిదూ అక్కడ జోకులు కావు.

దీనికి నేను వాడే పరీక్ష ఒకటుంది. రాసుకున్న కథని ముందురోజు పెళ్ళికొడుకు వాళ్ళమ్మకి ఫోన్ చేసి చెప్పండి. "అవున్రా, వాడు చిన్నప్పట్నుంచీ అంతే" అందంటే ఉంచండి. "ఇదెప్పుడు జరిగిందిరా?" అందంటే మారు మాట్లాడకుండా కొట్టేయండి.

ఇక ముగింపు. మీరు పంపిన చిత్తుప్రతుల్లో సగానికి పైగా ఒకే మాట ఉంది: "జోక్స్ అపార్ట్". ఇది చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది, ఎందుకో చెప్తాను. ఆ మాట అనగానే జనానికి ఇప్పుడు సెంటిమెంట్ వస్తోందని తెలిసిపోతుంది, మొహాలు సర్దుకుంటారు, కొందరు ఫోన్ తీస్తారు, ఒకడు భోజనాల వైపు చూస్తాడు. పైగా ఇప్పటిదాకా చెప్పిందంతా ఉత్తదే అని మీరే ఒప్పుకున్నట్టు అవుతుంది. "సీరియస్‌గా చెప్పాలంటే" అన్నా అంతే, "మనసులో మాట చెప్పనా" అన్నా అంతే. దాని వెనకాలే "బంగారం లాంటి మనిషి", "ప్రాణం ఇచ్చే స్నేహితుడు" వస్తాయి. అవి ఎవరి పెళ్ళిలో ఎవరి గురించైనా చెప్పొచ్చు, కాబట్టి మీ వాడి గురించి ఏమీ చెప్పనట్టే. వంతెన కట్టకండి. ఆటపట్టించిన కథలోనే ఇంకా చెప్పని ముక్క ఒకటి దాచుకోండి, చివర్లో దాన్ని తియ్యండి.

నేను ఒక పెళ్ళిలో మాట్లాడింది చూడండి. పెళ్ళికొడుకూ నేనూ అమీర్‌పేటలో ఒకే రూమ్, మొత్తం నలుగురం. వాడి దగ్గర ఒక లెక్కల పుస్తకం ఉండేది, అట్ట మీద వినాయకుడి బొమ్మ.

"కొత్తిమీర కట్ట పది రూపాయలైతే తలకి రెండున్నర అని రాసేవాడు. ఒకరోజు నాకు రెండు రూపాయలు పడింది, ఏంట్రా అంటే 'నువ్వు పచ్చడి వేసుకోలేదుగా' అన్నాడు. గ్యాస్ బండ అయిపోతే ఎవడు ఎన్ని ఆమ్లెట్లు వేసుకున్నాడో లెక్క తీశాడు. చెల్లెమ్మా, రేపు కాఫీలో పంచదార ఎక్కువ వేసుకుంటే నీ పేరు మీద కూడా పడుద్ది."

ఇక్కడికి హాలంతా నవ్వుతోంది, వాళ్ళ నాన్న అందరికంటే ఎక్కువగా. ఆ నవ్వు సగం తగ్గే దాకా ఆగాను. పూర్తిగా తగ్గనివ్వకూడదు, నిశ్శబ్దం వస్తే మళ్ళీ మొహాలు సర్దుకుంటారు. అప్పుడు అదే గొంతుతో, ఆమె వైపు చూసి:

"చెల్లెమ్మా, నాకు ఉద్యోగం లేని నాలుగు నెలలూ ఆ పుస్తకంలో నా పేరు పక్కన వీడు ఒక్క అంకె కూడా వెయ్యలేదు."

అంతే, మైకు ఇచ్చేశాను. "నూరేళ్ళు చల్లగా ఉండండి" కూడా అనలేదు, అది పంతులుగారు అప్పటికే అనేశారు. అమెరికాలో రిసెప్షన్ అయితే గ్లాసులెత్తాలి కదా అంటారు, ఎత్తండి, గ్రేప్ జ్యూస్‌తోనైనా ఎత్తండి, నోటితో మాత్రం ఇంకేమీ కలపకండి.

ఒక చిక్కుంది. తెలుగులో క్రియ చివర వస్తుంది, 'లేదు' దాని తోకలో ఉంటుంది. మనకి వాక్యం చివర గొంతు దిగిపోయే అలవాటు. "ఒక్క అంకె కూడా వెయ్య..." దగ్గర గొంతు పూడుకుపోయినా, చప్పట్లు ముందే పడినా మీ మొత్తం స్పీచ్ గాల్లో కలిసిపోయినట్టే. అందుకే చివరి మాటని ముందు మాటల కంటే నెమ్మదిగా, మైకు కిందికి దించకుండా చెప్పాలి. డీజేకి కూడా ముందే చెప్పండి, నేను మైకు చేతికిచ్చే దాకా డప్పు సౌండ్ వెయ్యొద్దని. వాళ్ళకి చెయ్యి ఊరుకోదు.

అభ్యాసం: ముగింపు వాక్యం పన్నెండు రకాలుగా రాయండి. "ఎప్పుడూ", "ఎంతో", "మనసు", "స్నేహం" అన్న మాటలు ఎక్కడా కనిపించకూడదు, ప్రతి దాంట్లో చేత్తో పట్టుకోగలిగే వస్తువు ఒకటి ఉండాలి. పదకొండు కొట్టేయండి. మిగిలిన ఒక్కదాన్ని టీవీ పెట్టి, ఫ్యాన్ వేసి, ఫోన్ గదికి అవతలి మూల పెట్టి రికార్డ్ చేసుకోండి. చివరి 'లేదు' వినపడకపోతే మళ్ళీ.