జూన్‌లో ఫీజులకని బంగారం కుదువ పెట్టే ముందు: ఏడాది చివర ఒకేసారి కట్టాలా, నెలనెలా కట్టాలా?

జూన్ రెండో వారంలో బడులు తెరుస్తారు. ఇద్దరు పిల్లల ఫీజు, బస్సు, పుస్తకాలు కలిపి లక్షల్లోకి పోతుంది కాబట్టి హైదరాబాద్‌లో చాలా ఇళ్లలో మే నెలాఖరుకే గాజులు, గొలుసులు బీరువాలోంచి బయటికి వస్తాయి. కౌంటర్ దగ్గర అందరూ అడిగేది తులానికి ఎంత ఇస్తారని, వడ్డీ ఎంతని. తిరిగి ఎలా కట్టాలన్నది మాత్రం అక్కడి ఉద్యోగి టిక్కు పెట్టిన చోట సంతకం చేసి వచ్చేస్తారు. ఏడాది తిరిగేసరికి జేబుకు పడే తేడా ఎక్కువగా ఆ టిక్కులోనే ఉంటుంది.

రెండు లక్షల అప్పు, రూపాయి వడ్డీ, ఏడాది గడువు అనుకుందాం. రూపాయి వడ్డీ అంటే నూటికి నెలకు ఒక రూపాయి, ఏడాదికి 12 శాతం.

ఏడాదంతా ఏమీ కట్టకుండా చివర్లో అసలు, వడ్డీ కలిపి ఒకేసారి కట్టేదాన్ని బుల్లెట్ పద్ధతి అంటారు. ఇందులో బారువడ్డీ అయితే వడ్డీ 24,000, చివరి రోజు కట్టాల్సింది 2,24,000. కట్టని వడ్డీని నెలనెలా అసలులో కలిపే పథకమైతే వడ్డీ 25,365 అవుతుంది. అదే రెండు లక్షలు, అదే రేటుకు ఈఎంఐ పెట్టుకుంటే నెలకు సుమారు 17,770 చొప్పున 12 నెలలు కట్టాలి. మొత్తం వడ్డీ 13,237. బుల్లెట్‌తో పోలిస్తే దాదాపు పదకొండు వేలు తక్కువ.

రేటు ఒకటే అయినా వడ్డీ ఎందుకు తగ్గింది? ఈఎంఐలో మొదటి నెల నుంచే అసలు కరుగుతుంది. మొదటి కిస్తీలో 2,000 వడ్డీకి పోతే మిగతా 15,770 అసలులో తగ్గుతుంది, రెండో నెల వడ్డీ 1,84,230 మీదే పడుతుంది. లెక్క చూస్తే ఏడాది పొడుగునా మీ నెత్తిన సగటున ఉన్న అప్పు లక్షా పదివేలే. బుల్లెట్‌లో మాత్రం చివరి రోజు వరకూ రెండు లక్షలూ అలాగే నిలబడి ఉంటాయి. అందుకే నెలనెలా వడ్డీ ఒక్కటే కట్టే మూడో రకం పథకంలో కూడా ఖర్చు 24,000కు తగ్గదు. నెలకు 2,000 చొప్పున కడుతూనే ఉంటారు, అసలు ఒక్క రూపాయి కదలదు. చక్రవడ్డీ పడకుండా ఉంటుంది, గడువు రోజు వడ్డీ భారం ఉండదు, దానివల్ల వచ్చే మేలు అంతవరకే.

ఈఎంఐ అనగానే సంతకం పెట్టేయకండి. కొందరు రెండు లక్షలకు ఏడాది వడ్డీ 24,000 ముందే కలిపేసి దాన్ని పన్నెండుతో భాగిస్తారు. దాన్నే ఫ్లాట్ రేటు అంటారు. అప్పుడు కిస్తీ 18,667 వస్తుంది. నెలకు తేడా తొమ్మిది వందలే కదా అనిపిస్తుంది కానీ, అసలు తగ్గుతున్నా వడ్డీ తగ్గడం లేదు కాబట్టి నిజంగా పడే రేటు 21 శాతం దాటుతుంది. పట్టుకోవడం సులువే. లక్ష రూపాయలకు, రూపాయి వడ్డీకి, ఏడాదికి కిస్తీ 8,885 ఉండాలి. 9,333 అని చెబితే అది ఫ్లాట్ రేటు. బ్యాంకైనా, ఫైనాన్స్ కంపెనీ అయినా అప్పు ఇచ్చే ముందు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అనే కాగితం మీకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. అందులో అన్ని ఖర్చులూ కలిపిన ఏడాది రేటు శాతంలో రాసి ఉంటుంది. కౌంటర్‌లో నోటితో చెప్పిన రేటును కాకుండా ఆ అంకెను నమ్మండి.

బుల్లెట్‌లో ఉన్న ఉచ్చు వేరు. కొన్ని పథకాల్లో బోర్డు మీద ఉన్న తక్కువ రేటు నెలలోపు వడ్డీ కట్టిన వాళ్లకే. కట్టకుండా నెలలు గడిచే కొద్దీ రేటు మెట్లెక్కుతుంది, అదీ అప్పు తీసుకున్న మొదటి రోజు నుంచి లెక్కకు వస్తుంది. రూపాయి అనుకున్నది రెండు రూపాయలైతే ఏడాదికి 24,000 కాస్తా 48,000. ఏమీ కట్టకుండా ఏడాది ఉంటే చివరి రోజు మొత్తం ఎంతో రాసివ్వమని అడగండి. ఆ అంకె చెప్పడానికి తడబడే చోట బుల్లెట్ తీసుకోవద్దు.

గడువు రోజుకు 2,24,000 చేతిలో లేకపోతే ఎక్కువమంది చేసేది రెన్యువల్. రిజర్వు బ్యాంకు కొత్త నిబంధనల ప్రకారం, 2026 ఏప్రిల్ 1 నుంచి, సొంత అవసరాల బుల్లెట్ అప్పుకు గడువు 12 నెలలు మించదు, అప్పటిదాకా అయిన వడ్డీ కట్టాకే రెన్యువల్ చేయాలి. అంటే 24,000 ఎక్కడైనా చేబదులు తెచ్చి కడతారు, రెండు లక్షల అప్పు మళ్లీ మొదటికొస్తుంది. రెండో ఏడు తిరిగేసరికి 48,000 పోయినా గాజులు లాకర్‌లోనే ఉంటాయి. ఇంకో మాట: అదే నిబంధనల్లో బంగారం విలువకు ఎంత అప్పివ్వాలన్న పరిమితిని బుల్లెట్‌కు చివర్లో కట్టే మొత్తం మీద లెక్కిస్తారు. రెండున్నర లక్షల లోపు అప్పుకు ఆ పరిమితి 85 శాతం. రెండు లక్షలు చేతికి రావాలంటే ఈఎంఐకి సుమారు 2,35,000 విలువైన బంగారం చాలు, బుల్లెట్‌కు 2,64,000 దాకా కావాలి.

అయినా బుల్లెట్ పనికిరాదని మేం అనం. నెల జీతం నిలకడగా వచ్చే ఇంటికి, కిస్తీ 17,770 తీసేశాక అద్దె, సరుకులు గడిచే ఇంటికి ఈఎంఐ మేలు. గడవకపోతే మాత్రం ఆ దారి పట్టొద్దు, కిస్తీ తప్పిన ప్రతిసారీ పెనాల్టీ, బ్యాంకు బౌన్స్ చార్జీ రెండూ పడతాయి. డబ్బు విడతలుగా వచ్చే వాళ్లకు, అంటే దసరాకు, సంక్రాంతికి గిరాకీ ఉండే దుకాణం వాళ్లకు, చీటీ పాట చేతికి రాబోతున్న వాళ్లకు, బారువడ్డీ బుల్లెట్ తీసుకుని మధ్యలో కొంత కొంత కట్టడం నప్పుతుంది. నాలుగో నెలాఖరున 50,000 కట్టారనుకోండి. అందులో 8,000 అప్పటిదాకా అయిన వడ్డీకి, 42,000 అసలుకు పోతుంది. ఎనిమిదో నెలాఖరున ఇంకో 50,000 కడితే ఏడాది మొత్తం వడ్డీ 18,900 దగ్గర ఆగుతుంది, చివర్లో కట్టాల్సింది లక్షా పంతొమ్మిది వేలకు దిగుతుంది. అయిదో నెలలో చీటీ వచ్చి మొత్తం తీర్చేస్తే వడ్డీ 10,000తో సరి. దీనికి ముందే రెండు విషయాలు తేల్చుకోవాలి: మధ్యలో కట్టనిస్తారా, ముందే మూసేస్తే చార్జీ గానీ కనీస వడ్డీ గానీ ఉందా అని. కట్టిన ప్రతిసారీ రసీదులో మిగిలిన అసలు తగ్గిందో లేదో చూసుకోండి. తగ్గకపోతే ఆ డబ్బు ఎక్కడో అడ్వాన్సుగా పడి ఉంటుంది, మీ వడ్డీ పాత అసలు మీదే నడుస్తుంటుంది.

అద్దె ఇళ్లలో ఉండేవాళ్లు ఇంకొకటి మరవొద్దు. ఏడాది మధ్యలో కూకట్‌పల్లి నుంచి ఉప్పల్‌కు ఇల్లు మారితే, సిమ్ మారితే, ఆ వారమే బ్రాంచికి వెళ్లి కొత్త అడ్రసు, నంబరు రాయించి అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోండి. గడువు దాటాక వేలం నోటీసు వెళ్లేది వాళ్ల దగ్గర రాసి ఉన్న అడ్రసుకే.