బెంగళూరులో ఖాళీ ఫ్లాట్‌లో దిగారా? పాత సామాను కొనే ముందు ఇవి చూసుకోండి

ఉద్యోగం వచ్చి బెంగళూరులో ఖాళీ ఫ్లాట్‌లో దిగినవాళ్ళు మొదటి వారంలోనే హడావిడి పడి అన్నీ కొనేస్తారు, లేదా అన్నీ అద్దెకు తెచ్చేసుకుంటారు. రెండూ జేబుకు చిల్లే. ఒక పరుపు, ఒక స్టవ్ ఉంటే కొన్ని రోజులు గడిచిపోతాయి, నెలాఖరు దాకా ఆగండి. ఇళ్ళు ఖాళీ చేసేవాళ్ళు ఎక్కువగా అప్పుడే ఉంటారు, ఫలానా తేదీకి ఓనర్‌కి తాళాలు అప్పగించాలి కాబట్టి బేరం మన వైపు మొగ్గుతుంది. ఆఫీసు గ్రూపుల్లో, పెద్ద అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో తెలిసినవాళ్ళని అడిగి పోస్ట్ పెట్టించండి, బయట యాప్‌లలో కంటే అక్కడ మోసం తక్కువ.

అద్దె సంగతి ముందు లెక్కేసుకోండి. ఫ్రిజ్ నెలకు 800 అనుకుందాం, దాని మీద జీఎస్టీ 18 శాతం కలిపితే 944, 11 నెలలకు 10,384. అదే పాతది 6,500కి కొని, బండికి 900 ఇచ్చి, వెళ్ళేటప్పుడు 4,000కి అమ్మితే మీకు పడింది 3,400. రిపేరుకి ఇంకో రెండు వేలు వేసుకున్నా కొనడమే నయం. నాలుగైదు నెలలే ఉంటారంటే మాత్రం అద్దె కూడా ఆలోచించవచ్చు, చెడిపోతే వాళ్ళే చూసుకుంటారు, అమ్మే గోల ఉండదు. కానీ తక్కువ అద్దె కనిపించేది సాధారణంగా 12 నెలల ప్లాన్‌లోనే, మధ్యలో తిరిగిచ్చేస్తే ముందస్తు ముగింపు చార్జీ పడుతుంది. ఆ చార్జీ ఎంతో బుక్ చేసే ముందే చదవండి. డెలివరీ రోజు బండివాళ్ళు వెళ్ళిపోకముందే గీతలు, పగుళ్ళు ఫోటోలు తీసి యాప్‌లో పెట్టేయండి, లేకపోతే తిరిగిచ్చే రోజు అవన్నీ మీరు చేసినవే అవుతాయి.

పాత ఫ్రిజ్ చూడడానికి వెళ్ళే ముందు రోజే ఫోన్ చేసి "రాత్రంతా ఆన్‌లో ఉంచండి, ఫ్రీజర్‌లో ఒక గిన్నె నీళ్ళు పెట్టండి" అని చెప్పండి. మీరు వెళ్ళేసరికి ఆఫ్ చేసి, శుభ్రంగా తుడిచి పెట్టి ఉంటే దాని గురించి మీకేం తెలియనట్టే, "నిన్నటిదాకా బాగానే పనిచేసిందండీ" అన్న మాట నమ్మకండి. గిన్నెలో నీళ్ళు గట్టి ఐసు అయ్యాయా చూడండి. తలుపు మధ్య ఒక కాగితం పెట్టి మూసి లాగితే కాస్త పట్టుకోవాలి, జారి వచ్చేస్తే రబ్బరు పోయినట్టు. స్టార్ స్టికర్ మీద సంవత్సరం, ఏడాదికి ఎన్ని యూనిట్లో రాసి ఉంటుంది. మరీ పాతదైతే చవగ్గా కొన్నది కరెంటు బిల్లులో తినేస్తుంది. బండిలో నిలబెట్టే తేవాలి. పడుకోబెట్టి తెచ్చారంటే ఇంటికి రాగానే ప్లగ్ పెట్టకుండా కొన్ని గంటలు నిలబెట్టి వదిలేయండి, లేకపోతే కంప్రెసర్‌కి దెబ్బ.

మంచం దగ్గర రెండే భయాలు, నల్లులు, ఉబ్బిన బోర్డు. టార్చి వేసి స్క్రూ రంధ్రాలు, పలకల సందులు, హెడ్‌బోర్డు వెనక చూడండి, ఇంకు చుక్కల్లా నల్ల మచ్చలు ఉంటే ధర ఎంత తగ్గించినా వద్దు. ఎండలో పెడితే పోతాయిలే అంటారు, పోవు. పరుపు మాత్రం పాతది అసలు కొనకండి. పార్టికల్ బోర్డు మంచాన్ని ఒకసారి విప్పి బిగిస్తే స్క్రూలు పట్టుకోవు, కాళ్ళ దగ్గర పొంగి ఉందంటే నీళ్ళు తాగింది. కాస్త గీతలు పడ్డా చెక్కదే తీసుకోండి.

బండి మాట్లాడే ముందు రెండు వైపులా లిఫ్ట్ కొలవండి. క్వీన్ సైజు మంచం హెడ్‌బోర్డు అడుగులు ఐదుకి పైనే ఉంటుంది, లిఫ్ట్‌లో పట్టకపోతే హమాలీలు అంతస్తుకి ఇంత అని అడుగుతారు. చాలా అపార్ట్‌మెంట్లలో సామాను బయటికి పోవాలంటే ఓనరో అద్దెకున్నవాళ్ళో గేట్ పాస్ ఇవ్వాలి. అది లేక బండి గేటు దగ్గర గంటలు నిలబడితే వెయిటింగ్ చార్జీ మీకే.

ఇక డబ్బులు. "నేను ఆర్మీలో ఉన్నాను, ట్రాన్స్‌ఫర్ అయింది, టోకెన్ వేస్తే వస్తువు పంపిస్తాను" అనే మాట విన్నారంటే ఫోన్ పెట్టేయండి, ఇది పాత ఎత్తుగడ. మీరే అమ్ముతున్నప్పుడు కొనేవాడు క్యూఆర్ పంపి "స్కాన్ చేస్తే మీ ఖాతాలో పడతాయి" అన్నా అంతే, డబ్బు రావడానికి స్కానూ అక్కర్లేదు, యూపీఐ పిన్నూ అక్కర్లేదు. వస్తువు కళ్ళతో చూసి, బండెక్కాకే డబ్బు కొట్టండి. ఇప్పటికే పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, డబ్బు ఇంకో ఖాతాలోకి దాటకముందు చెప్తేనే ఆపగలిగే అవకాశం ఉంటుంది.