సీబీసీటీ చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: జ్ఞానదంతం కింద నరం

పోయిన పాఠంలో, రెండు దవడల్నీ ఒకే బొమ్మలో చూపించే ఎక్స్‌రే అయిన ఓపీజీ మీద కింది దవడ నరం కాలువను గుర్తుపట్టడం నేర్చుకున్నాం. రెండు సన్నటి తెల్ల గీతలు, వాటి మధ్య కాస్త నల్లటి బాట. చెవి ముందు నుంచి దిగి, దవడ పళ్ల వేర్ల కింద నుంచి ముందుకు వస్తుంది. ఆ బాటను వేలితో గీసి చూపించగలిగితేనే ఈ పాఠం మొదలుపెట్టండి. తడబాటు ఉంటే ఇంకో పది ఓపీజీలు చూసి రండి, తొందరేం లేదు.

ఈసారి నేర్చుకునేది ఒకే ఒక నిర్ణయం. కింది జ్ఞానదంతం తీయాల్సి వచ్చింది, ఓపీజీ చేతిలో ఉంది. దాంతోనే పని మొదలుపెట్టాలా, దవడను అన్ని వైపుల నుంచి చూపించే సీబీసీటీ స్కాన్ కూడా రాయాలా?

ముందు ఓపీజీకి ఏం చేతకాదో చూద్దాం. అది నీడ. వేరు, కాలువ ఒకదాని మీద ఒకటి పడినట్టు కనిపిస్తే ఆ రెండూ తాకుతున్నాయని అర్థం కాదు. కాలువ వేరుకు బుగ్గ వైపు ఉండొచ్చు, నాలుక వైపు ఉండొచ్చు, రెండు వేర్ల మధ్య నుంచి కూడా పోవచ్చు. ఎదురుగా నిలబడి చూస్తే వీధిలో ముందున్న స్తంభం వెనకున్న గోడకు ఆనుకున్నట్టే ఉంటుంది, పక్కకు వెళ్లి చూస్తేనే మధ్యలో ఎంత ఖాళీ ఉందో తెలుస్తుంది. సీబీసీటీ చేసే పని ఇదే. శంకువు ఆకారంలో ఎక్స్‌రే కిరణాన్ని పంపుతూ యంత్రం తల చుట్టూ ఒకసారి తిరుగుతుంది, వందల చిత్రాలు తీస్తుంది. కంప్యూటర్ వాటన్నిటినీ కలిపి వాక్సెల్ అనే చిన్న చిన్న ఘనాలుగా పేరుస్తుంది. ఆ తర్వాత మనకు కావలసిన చోట, కావలసిన వైపు నుంచి ముక్క కోసి చూసుకోవచ్చు.

అలాంటప్పుడు అందరికీ తీసేయొచ్చు కదా అనిపిస్తుంది. నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. కానీ ఓపీజీ ఒక్కటే చూసి తీసిన గుంపునూ, సీబీసీటీ కూడా చూసి తీసిన గుంపునూ పోల్చి చేసిన అధ్యయనాల్లో, సీబీసీటీ చూసినంత మాత్రాన నరానికి దెబ్బ తగలడం తగ్గినట్టు తేలలేదు. యూరప్ దంత రేడియాలజీ అకాడమీ 2019లో ప్రకటించిన అభిప్రాయం కూడా ఇదే: జ్ఞానదంతం తీసే ముందు మామూలు అలవాటుగా సీబీసీటీ తీయకూడదు. బొమ్మ ఎంత బాగా కనిపించినా, చేసే ఆపరేషన్ అదే అయినప్పుడు ఫలితమూ అదే.

అందుకే రిక్వెస్ట్ రాసే ముందు ఈ ప్రశ్నకు జవాబు కాగితం మీద పెట్టే అలవాటు చేసుకోండి: "స్కాన్‌లో కాలువ వేరును తాకుతున్నట్టు కనిపిస్తే ఏం చేస్తాను? తాకనట్టు కనిపిస్తే ఏం చేస్తాను?" రెండు జవాబులూ ఒకటే అయితే స్కాన్ అక్కర్లేదు.

జవాబులు వేరయ్యే అవకాశం ఎప్పుడుందో ఓపీజీయే చెబుతుంది. రూడ్, షెహాబ్ 1990లో ఏడు గుర్తులు వివరించారు. వాటిలో మూడు బాగా నమ్మదగినవి. కాలువ దాటే చోట వేరు మీద నల్లటి పట్టీ పడటం మొదటిది. కాలువ తెల్ల గీత అక్కడికి రాగానే తెగిపోవడం రెండోది. అప్పటిదాకా సాఫీగా వచ్చిన కాలువ వేరు దగ్గర పక్కకు మళ్లడం మూడోది. ఈ మూడింట్లో ఏదీ లేకుండా, కాలువ వేరు కొనలకు దూరంగా కింద నుంచి పోతుంటే అక్కడితో ఆగిపోండి. ఓపీజీ చాలు.

ఇప్పుడు ఒక కేసు చూద్దాం. 26 ఏళ్ల అమ్మాయి. కుడి కింది జ్ఞానదంతం తన ముందున్న దవడ పన్ను మీదకి వాలి ఇరుక్కుపోయింది. ఏడాదిలో మూడుసార్లు చిగురు వాచింది, నోరు తెరవలేక అన్నం తినడమే కష్టమైంది. అంటే పన్ను తీయడానికి కారణం ఉంది. ఓపీజీలో వేరు కింది మూడో వంతు మీద అడ్డంగా నల్లటి పట్టీ కనిపిస్తోంది. కాలువ పై గీత పట్టీ అంచు దాకా వచ్చి మాయమైంది, అవతల మళ్లీ మొదలైంది. మూడింట్లో రెండు గుర్తులు ఉన్నాయన్నమాట.

మన ప్రశ్న వేసుకుందాం. తాకకపోతే మామూలుగా తీసేస్తాం. తాకుతూ మధ్యలో ఎముక లేకపోతే, పన్ను పై భాగాన్ని మాత్రం కోసి తీసి, వేర్లను ఎముకలోనే వదిలేసే కరోనెక్టమీ గురించి ఆమెతో మాట్లాడతాం. జవాబులు వేరు, కాబట్టి స్కాన్ రాస్తాం.

రిక్వెస్ట్ మీద "సీబీసీటీ కింది దవడ" అని రాసి ఊరుకోకండి. ఒకసారి నేను అలాగే రాసి పంపితే, స్కాన్ సెంటర్‌లో గడ్డం నుంచి కళ్ల దాకా మొత్తం తీసి పంపారు. నాకు కావలసింది ఒక పన్ను. ఆ తప్పులో సగం నాదే, ఎందుకంటే ఎంత భాగం కావాలో నేను రాయలేదు. ఇప్పుడు ఇలా రాస్తాను: "కుడి కింది జ్ఞానదంతం, 5 × 5 సెం.మీ., 0.2 మి.మీ. వాక్సెల్. ప్రశ్న: కాలువ వేరుకు ఏ వైపు ఉంది, మధ్యలో ఎముక ఉందా?"

స్కాన్ వచ్చాక తెరవగానే వేరు దగ్గరికి పరుగెత్తకండి. ముందు పై నుంచి చూసే ముక్కలో దవడ వంపును చూసి, అడ్డకోత ఆ వంపుకు సరిగ్గా లంబంగా ఉండేలా బొమ్మను తిప్పుకోండి. కోత ఏటవాలుగా పడితే దూరంగా ఉన్నవి కూడా అతుక్కున్నట్టు కనిపిస్తాయి. తర్వాత కాలువను వెనక నుంచి ముందుకు వెంబడించండి. గడ్డం పక్కన నరం బయటికొచ్చే రంధ్రం నుంచి వెనక్కి రమ్మని చాలామంది నేర్పుతారు, కానీ స్కాన్ తీసిన భాగం ఇంత చిన్న పెట్టె అయినప్పుడు అందులో ఆ రంధ్రం పడకపోవచ్చు. పైగా వెనక భాగంలో కాలువ గోడలు స్పష్టంగా ఉంటాయి, పట్టుకోవడం తేలిక. అక్కడ గుండ్రటి తెల్ల అంచున్న రంధ్రాన్ని పట్టుకుని, ఒక్కో ముక్క దాటుతూ ముందుకు రండి.

ఈ అమ్మాయి స్కాన్‌లో ఆ రంధ్రం పన్ను దగ్గరికి వచ్చేసరికి నాలుక వైపుకు జరిగింది. గుండ్రంగా ఉన్నది కాస్త నొక్కుకుపోయి కోడిగుడ్డు ఆకారానికి వచ్చింది. వేరుకు ఆ వైపు చిన్న గాడి పడింది. వేరుకూ కాలువకూ మధ్య తెల్ల అంచు వరసగా చాలా ముక్కల్లో లేదు.

"వరసగా చాలా ముక్కల్లో" అన్న మాట గట్టిగా పట్టుకోండి, తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడే. కాలువ గోడ వాక్సెల్ కన్నా సన్నగా ఉంటే, ఆ ఘనంలో ఎముకా పక్కనున్న మెత్తటి భాగమూ కలిసి సగటు బూడిద రంగు వస్తుంది. గోడ ఉన్నా లేనట్టే కనిపిస్తుంది. 0.4 మి.మీ. వాక్సెల్‌తో తీసిన స్కాన్ చూసి "ఎముక లేదు" అని రాయడానికి నాకు చెయ్యి రాదు. ఇంకో మోసం పక్క పంటి మీద ఉన్న మెటల్ క్యాప్ వల్ల వస్తుంది. అది నల్లటి చారలు వేస్తుంది, ఆ చార కాలువ గోడ మీదుగా పోతే గోడ తెగినట్టుంటుంది. పట్టుకోవడం కష్టం కాదు: చార నేరుగా లోహం వైపుకే చూపిస్తుంది, ఎముక దాటి బుగ్గలోకి కూడా సాగుతుంది. నిజంగా ఎముక లేని చోటు అలా బయటికి సాగదు. మూడోది కదలిక. తిరగడానికి పది ఇరవై సెకన్లు పడుతుంది, ఆ మధ్యలో మనిషి గుటక వేస్తే పంటి అంచులు జంటగా కనిపిస్తాయి. జంట అంచులు చూశారంటే ఆ స్కాన్‌తో కాలువ గోడ గురించి తీర్పు చెప్పకండి.

మన కేసులో ఇవేవీ లేవు. కాలువ నాలుక వైపు ఉండటం, నొక్కుకుపోవడం, మధ్యలో ఎముక లేకపోవడం, మూడూ కలిసి నరానికి ప్రమాదం ఎక్కువని చెబుతున్నాయి. ఆమెకు రెండు దారులూ వివరించాం. పూర్తిగా తీస్తే కింది పెదవి, గడ్డం మొద్దుబారే అవకాశం ఎక్కువ, అరుదుగా అది శాశ్వతంగా ఉండిపోవచ్చు. కరోనెక్టమీ చేస్తే వేర్లు లోపలే ఉంటాయి, తర్వాత పైకి జరిగితే రెండోసారి తీయాల్సి రావచ్చు. ఆమె కరోనెక్టమీ ఎంచుకుంది. స్కాన్ లేకపోతే ఆ మాటలు అంత కచ్చితంగా మాట్లాడే వీలుండేది కాదు.

ఇక రేడియేషన్. ఆమె తల్లి అడిగిన ప్రశ్న ఇదే: "మళ్లీ ఇంకో ఎక్స్‌రేనా డాక్టర్? ఏమీ కాదంటారా?"

"ఏమీ కాదమ్మా" అని తోసేయడం తప్పు, భయపెట్టడమూ తప్పు. లెక్క చెప్పాలి. నేల నుంచి, గాలి నుంచి, ఆకాశం నుంచి మనందరికీ సహజంగా వచ్చే రేడియేషన్ ప్రపంచ సగటున ఏడాదికి 2.4 మిల్లీ సీవర్ట్‌లు, అంటే రోజుకు 6 నుంచి 7 మైక్రో సీవర్ట్‌లు. ఓపీజీ ఒకటి 20 మైక్రో సీవర్ట్‌లు అనుకుంటే అది మూడు రోజుల వాటా. చిన్న పెట్టె సీబీసీటీ 50 అనుకుంటే వారం పైన. మొత్తం ముఖం తీస్తే సుమారు 200, అంటే నెల రోజుల వాటా. తల్లికి నేను రోజుల్లోనే చెప్పాను, ఆమెకు వెంటనే అర్థమైంది.

మీకు మాత్రం ఇంకొంచెం లోతు కావాలి. పై అంకెలు గుర్తు కోసం మాత్రమే. 2015లో లడ్లో బృందం ప్రచురించిన సమీక్షలో పెద్దవాళ్లకు చిన్న పెట్టె స్కాన్ల డోస్ 5 నుంచి 652 మైక్రో సీవర్ట్‌ల దాకా ఉంది. చిన్న పెట్టె అన్న పేరు ఉన్నంత మాత్రాన డోస్ తక్కువని నమ్మకూడదన్నమాట. యంత్రం మీద ఏ బటన్ నొక్కారన్నది లెక్క. యంత్రం ఎంత ఎక్స్‌రే పంపాలో చెప్పే ఎంఏఎస్ అనే సెట్టింగ్ సగం చేస్తే డోస్ సగమవుతుంది. పూర్తి చుట్టు బదులు అర చుట్టు తిప్పినా దాదాపు సగానికి వస్తుంది. చాలా యంత్రాల్లో అతి సన్నటి వాక్సెల్ ఎంచుకోగానే ఎంఏఎస్ తనంతట తనే పెరుగుతుంది, అందుకే 0.2తో తేలే ప్రశ్నకు 0.08 అడగకూడదు. స్కాన్ అయ్యాక తెరమీద డీఏపీ అని, ఎంత రేడియేషన్ పంపారో చెప్పే ఒక అంకె వస్తుంది. దాన్ని ప్రతిసారీ రాసి పెట్టుకోండి. ఒకే రకం స్కాన్‌కి ఆ అంకె ఒక రోజు హఠాత్తుగా రెట్టింపైతే ఎవరో సెట్టింగ్ మార్చారని తెలుస్తుంది.

50 మైక్రో సీవర్ట్‌లకు క్యాన్సర్ ప్రమాదం, ఇప్పుడు వాడుతున్న అంచనా ప్రకారం, సుమారు నాలుగు లక్షల మందిలో ఒకరికి. మొద్దుబారే ప్రమాదం నూటికి కొందరిలో ఉన్న కేసులో నిర్ణయాన్ని మార్చగల స్కాన్‌కి ఈ లెక్క సరిపోతుంది. నిర్ణయం మారనప్పుడు నాలుగు లక్షల్లో ఒకటి కూడా ఎక్కువే. ఇక పదేళ్లలోపు పిల్లలకు ఇదే డోస్‌కి ప్రమాదం 30 ఏళ్లవాళ్ల కన్నా దాదాపు 3 రెట్లు. థైరాయిడ్ కింది దవడకు దగ్గర్లోనే ఉంటుంది కాబట్టి, పిల్లలకు కింది దవడ స్కాన్ రాసేటప్పుడు పెట్టె కింది అంచు ఎక్కడ ఆగాలో కూడా రాయండి.

అభ్యాసం: 31 ఏళ్ల మనిషి, ఎడమ కింది జ్ఞానదంతం. ఓపీజీలో వేరు కొనలు కాలువ మీద పడ్డాయి. రెండు తెల్ల గీతలూ ఎక్కడా తెగలేదు, నల్ల పట్టీ లేదు, కాలువ మళ్లలేదు. దానికి ముందున్న దవడ పన్నుకు వెనక పక్క, వేరు దగ్గర నల్లటి మచ్చ ఒకటి ఉంది, అది పుచ్చు అయి ఉండొచ్చు. సీబీసీటీ రాస్తారా? రాయకపోతే ఆ మచ్చ తేల్చుకోవడానికి ఏ మామూలు ఫిల్మ్ అడుగుతారు? "తాకితే", "తాకకపోతే" అని రెండు గళ్లు గీసి జవాబు రాసి ఉంచుకోండి. 5వ పాఠం ఆ గళ్లతోనే మొదలవుతుంది, ఆ తర్వాత రూట్ కెనాల్ చేసిన పంటిలో పగులు వెతకడానికి వెళ్తాం.