బెంగళూరు ఎయిర్‌పోర్టులో రాత్రి మకాం: ముందు సూట్‌కేసుల సంగతి తేల్చుకోండి

పోయిన డిసెంబరులో మా పిన్నీ బాబాయీ సింగపూర్‌లో ఉన్న కూతురి దగ్గరికి బయల్దేరారు. విజయవాడ నుంచి వచ్చే విమానం రాత్రి 9.30కి బెంగళూరులో దిగుతుంది. సింగపూర్ విమానం తెల్లవారి 6.30కి. నేను ఉండేది బెంగళూరు హెబ్బాళ్‌లోనే, కానీ ఆ రోజు ఊళ్ళో లేను. "ఏముందిరా, లోపల ఏసీలో లాంజ్‌లో పడుకుంటాం, మీ బాబాయి కార్డుకి ఫ్రీ కూడానట" అంది పిన్ని. ఆ మాటతోనే నాకు భయం పట్టుకుంది.

బయల్దేరేముందు చూసుకోవాల్సింది పడుకునే చోటు కాదు, టికెట్. రెండు విమానాలూ ఒకే పీఎన్ఆర్ మీద ఉంటే విజయవాడలో ఇచ్చిన సూట్‌కేసులు నేరుగా సింగపూర్‌లోనే తీసుకునే వీలుంటుంది. కౌంటర్‌లో అంటించే ట్యాగ్ మీద చివరి కోడ్ SIN ఉందో, BLR ఉందో అక్కడే చూడండి. BLR అని ఉంటే సామాను బెంగళూరులో మీ చేతికే వస్తుంది. మావాళ్ళకు ట్రావెల్ ఏజెంటు చవగ్గా వస్తుందని రెండు వేర్వేరు టికెట్లు కొన్నాడు. అలాంటప్పుడు మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే రెండో ఎయిర్‌లైన్‌కు ఏ బాధ్యతా ఉండదు. నడుమ తొమ్మిది గంటలు దొరకడం ఆ రకంగా మంచిదే. కాకపోతే ఆ తొమ్మిది గంటలూ నాలుగు సూట్‌కేసులతో గడపాలి.

వాళ్ళ రాత్రిని ఫోన్‌లోనే గంటల లెక్కన విడగొట్టి చెప్పాను. దేశీ విమానం దిగింది టెర్మినల్ 1లో, అంటే టీ1లో. సామాను వచ్చి బయటికి రావడానికి 10.15 అవుతుంది. అంతర్జాతీయ విమానాలన్నీ 2023 సెప్టెంబరు నుంచి టీ2లోనే. మధ్యలో ఉచిత షటిల్ బస్సు తిరుగుతుంది. టీ2కి 10.45కి చేరారనుకుందాం. విదేశీ విమానాల చెక్-ఇన్ కౌంటర్లు మామూలుగా మూడు గంటల ముందు తెరుస్తారు, అంటే 3.30కి. గంట ముందు మూసేస్తారు, అంటే 5.30కి. మరీ ముందొస్తే గేటు దగ్గర సీఐఎస్ఎఫ్ వాళ్ళు ఆపి, కాసేపాగి రమ్మనొచ్చు. ఒకసారి లోపలికి వెళ్ళారా, కాఫీ తాగొస్తామంటూ మళ్ళీ బయటికి రావడం కుదరదు. ఎయిర్‌లైన్ మనిషి వచ్చి చెప్తేనే వదులుతారు.

ఇప్పుడు లాంజ్ సంగతి. లాంజ్‌లు సెక్యూరిటీ దాటాక ఉంటాయి. సూట్‌కేసులు కౌంటర్‌లో ఇవ్వకుండా సెక్యూరిటీ దాటలేరు, 3.30 దాకా సూట్‌కేసులు ఇవ్వలేరు. ఆ తర్వాత లైన్లు, ఇమ్మిగ్రేషన్, సెక్యూరిటీ అన్నీ అయ్యేసరికి 4.45. బోర్డింగ్ 5.45కి మొదలు. పిన్ని కలగన్న లాంజ్ చివరికి గంట సేపు ఇడ్లీ తిని కాళ్ళు చాపుకునే చోటు. అదైనా కార్డు నియమాలు చూసుకున్నాకే: ఇప్పుడు చాలా బ్యాంకులు గత మూడు నెలల్లో ఇంత ఖర్చు పెడితేనే అనుమతిస్తున్నాయి. పైగా కార్డు మీద ఒక్కరికే ఉచితం కావచ్చు. ఇంట్లో కూర్చుని బ్యాంకు యాప్‌లో చూసుకుంటే తెల్లవారుజామున కౌంటర్ దగ్గర మొహం చిన్నబుచ్చుకోనక్కర్లేదు.

నిజంగా నడుం వాల్చాల్సినవాళ్ళకు, ముఖ్యంగా మోకాళ్ళ నొప్పులవాళ్ళకు, గంటల లెక్కన ఇచ్చే గది తీసుకోమనే నా సలహా. బుక్ చేసేముందు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: గది సెక్యూరిటీకి ఇవతలా, అవతలా? అవతల ఉంటే మావాళ్ళలాంటి వాళ్ళకు అది లేనట్టే. ఊళ్ళోకి వెళ్దామనుకుంటే నగరం 35 కిలోమీటర్లు. రానూపోనూ క్యాబ్‌కే గది అద్దె అంత అవుతుంది, నిద్ర రెండు గంటలు కూడా మిగలదు. బయట చీప్‌గా రూమ్ ఇప్పిస్తామని వెంటపడేవాళ్ళకు జవాబే చెప్పొద్దన్నాను.

క్లోక్‌రూమ్‌లో డబ్బులు కట్టి సామాను పెట్టుకోవచ్చు గానీ, ఏ టెర్మినల్‌లో పెడుతున్నారో చూసుకోండి. టీ1లో పెట్టి టీ2 నుంచి ఎగిరేవాళ్ళు తెల్లవారుజామున మళ్ళీ షటిల్ ఎక్కాలి. సూట్‌కేసులకు తాళం వేసి, రసీదుకు ఫోన్‌లో ఫొటో తీసుకోండి. మందులు, పాస్‌పోర్టు, నగలు అందులో పెట్టకండి. పవర్ బ్యాంక్‌ను కూడా చేతి సంచిలోకి మార్చేయాలి, చెక్-ఇన్ సామానులో అది పనికిరాదు. ఆవకాయది సరిగ్గా దీనికి తిరగబడ్డ కథ. కౌంటర్‌లో తూకం రెండు కిలోలు ఎక్కువొచ్చిందని పచ్చడి డబ్బా తీసి చేతి సంచిలో పెట్టుకునేవాళ్ళను కళ్ళారా చూశాను. సెక్యూరిటీ దగ్గర అది చెత్తబుట్టలోకే. తూకం ఇంట్లోనే చూసుకోవాలి.

మావాళ్ళు క్లోక్‌రూమ్ వద్దన్నారు. అందుకని ఇలా చేయమన్నాను: ట్రాలీని గోడకు ఆనించి, దాని ముందు కుర్చీలు. ఇద్దరూ ఒకేసారి పడుకోకూడదు, రెండేసి గంటల వంతు. చేతి సంచి పట్టీ మోచేతికి చుట్టుకోవాలి. పాస్‌పోర్టులు చొక్కా లోపలి జేబులోనో, పిన్ని జాకెట్టుకు పిన్నీసుతో బిగించిన గుడ్డ సంచిలోనో ఉండాలి. మూలనున్న ఖాళీ కుర్చీల కంటే వెలుతురు, జనం, సీఐఎస్ఎఫ్ వాళ్ళు తిరిగే చోటే మేలు, నిద్ర కాస్త చెడినా సరే. ఒంటరిగా వెళ్ళే ఆడవాళ్ళకు ఇది ఇంకా ముఖ్యం. ఎవరైనా ఇబ్బంది పెడితే 112. ఒక్కరే ఉంటే బాత్రూమ్‌కైనా సామాను వెంట తీసుకెళ్ళాల్సిందే. వదిలేస్తే దొంగ కంటే ముందు భద్రతా సిబ్బంది వస్తారు, యజమాని లేని సంచి అంటే వాళ్ళకు అనుమానపు వస్తువు. పరాయివాళ్ళు "ఒక్క నిమిషం ఇది చూస్తుండండి" అన్నా ఒప్పుకోకండి.

శాలువా, సాక్సులు తప్పనిసరి. ఎయిర్‌పోర్టు ఉన్న దేవనహళ్ళి సముద్ర మట్టానికి 900 మీటర్ల ఎత్తు. డిసెంబరు రాత్రి టెర్మినల్ బయట కూర్చుంటే విజయవాడ వాళ్ళకు పళ్ళు టకటకలాడతాయి.

అలారం రెండు ఫోన్లలో పెట్టుకోండి. బెంగళూరులో బోర్డింగ్ పిలుపులు మైకులో వినబడతాయని నమ్ముకుని నిద్రపోకండి, తెరల మీదే చూసుకోవాలి. మా బాబాయి 3.15కి అలారం పెట్టాడు గానీ అది మధ్యాహ్నం 3.15. ఆ వంతు పిన్నిది కాబట్టి సరిపోయింది.

ఇంకోటి, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా దేవనహళ్ళిలో తెల్లవారుజామున దట్టంగా మంచు పడుతుంది. విమానాలు గంటా రెండు గంటలు ఆగిపోవడం మామూలే. అందుకే మధుమేహం ఉన్న బాబాయికి మాత్రలు, బిస్కెట్లు రెండు పూటలకు సరిపడా చేతి సంచిలో పెట్టించాను. ఆ రోజూ మంచు పడింది, 6.30 విమానం 8 గంటలకు కదిలింది. రెండో పూట బిస్కెట్లు కూడా అయిపోయాయి.