సదస్సు క్యారౌసెల్‌కు లైకులు వస్తున్నా ఎవరూ సేవ్ చేసుకోవడం లేదా? సమస్య – పరిష్కారం

నిరుడు వానాకాలానికి కొద్ది రోజుల ముందు, మాదాపూర్‌లోని ఒక హాలులో అపార్ట్‌మెంట్ సంఘాల ప్రతినిధుల కోసం ఇంకుడు గుంతలపై ఒక రోజు సదస్సు జరిగింది. ఆరుగురు వక్తలు మాట్లాడారు. మరునాటికి నా చేతిలో నాలుగు గంటల ఆడియో రికార్డింగు, దాదాపు ఏడు వందల ఫొటోలు ఉన్నాయి. వాటి నుంచి పది స్లైడ్ల క్యారౌసెల్ తయారుచేసి నిర్వాహకుల ఇన్‌స్టాగ్రామ్ ఖాతాలో పెట్టాను. మొదటి రోజే లైకులు బాగా వచ్చాయి గానీ, దాన్ని సేవ్ చేసుకున్నవారు ఇద్దరే. ఆ పది స్లైడ్లను విప్పి మళ్ళీ కట్టేటప్పుడు ఎదురైన లోపాలను, వాటి కారణాలను, నేను చేసిన సవరణలను ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

లక్షణం: లైకులు ఉన్నాయి, సేవ్‌లు, షేర్‌లు లేవు

ప్రొఫెషనల్ ఖాతా ఇన్‌సైట్స్‌లో లైకులను, సేవ్‌లను, షేర్‌లను విడివిడిగా చూడవచ్చు. లైకు కొట్టినవారి పేర్లు ఒకసారి తెరిచి చూస్తే, వారిలో చాలామంది ఆ రోజు హాలులో ఉన్నవారో, ఫొటోలో కనిపించినవారో అయి ఉంటారు. సదస్సుకు రాని మనిషికి పనికొచ్చే విషయం స్లైడ్లలో ఉంటేనే సేవ్‌లు పెరుగుతాయి. కాబట్టి లైకులు మాత్రమే ఉన్నాయంటే లోపం ముఖ్యాంశాల ఎంపికలో ఉందని అర్థం చేసుకోవాలి.

కారణం: నా మూడో స్లైడ్‌పై "వాననీటి సంరక్షణ ప్రాముఖ్యతపై నిపుణులు విలువైన సూచనలు చేశారు" అని ఉంది. ఆ సూచనలు ఏమిటో అందులో లేదు. ఆ వాక్యాన్ని ఆహ్వాన పత్రిక చూసి సదస్సుకు ముందు రోజే రాసేయవచ్చు. నేను ఇప్పుడు ప్రతి స్లైడ్‌కూ ఇదే పరీక్ష పెడుతున్నాను: సదస్సు జరగకముందే రాయగలిగిన వాక్యం ఏదైనా సరే, దాన్ని తీసేస్తాను.

పరిష్కారం: ప్రసంగంలో ఒక కొలత, ఒక షరతు, లేదా ఇంటికి వెళ్ళి చేయదగిన ఒక పని ఎక్కడ ఉందో వెతకాలి. ఆ రోజు మాట్లాడిన ఇంజినీరు గారు ఒక చిన్న లెక్క చెప్పారు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు వస్తుంది. 500 చదరపు మీటర్ల డాబా మీద 20 మిల్లీమీటర్ల వాన పడితే 10,000 లీటర్లు, అంటే అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు రెండు. వేసవిలో ట్యాంకరు కోసం ఎదురుచూసిన ఏ అపార్ట్‌మెంటు వారికైనా ఈ లెక్క వెంటనే తలకెక్కుతుంది. సవరించిన మూడో స్లైడ్‌పై ఇదే పెట్టాను: "మీ డాబా 500 చదరపు మీటర్లయితే, 20 మిల్లీమీటర్ల వానకు గరిష్ఠంగా రెండు ట్యాంకర్ల నీరు." ఇందులో "గరిష్ఠంగా" అన్న మాటను వదలకూడదు. డాబా తడవడానికీ, ఆవిరి కావడానికీ, మొదటి మురికి నీటిని బయటికి వదలడానికీ కొంత పోతుందని ఆయన ఆ వెంటనే చెప్పారు. స్లైడ్‌లో చోటు చాలదని ఇలాంటి మాటను కత్తిరిస్తే, లెక్క తెలిసిన చదువరి మొదటి కామెంటులోనే పట్టుకుంటారు.

నాలుగు గంటల రికార్డింగులో ఇలాంటి చోట్లు వెతకడానికి మొత్తం మళ్ళీ వినవలసిన అవసరం లేదు. సదస్సు జరుగుతున్నప్పుడు హాలులో వెనుక వరుసలో కూర్చుని రెండు సంగతులు గమనించి, సమయం రాసుకుంటే చాలు. మొదటిది, తెర మీది బొమ్మను ఫొటో తీసుకోవడానికి చాలామంది ఒకేసారి ఫోన్లు పైకెత్తిన క్షణం. రెండోది, ప్రశ్నల సమయంలో "ఇందాక మీరు చెప్పినదాన్ని ఇంకోసారి చెప్పండి" అని ఎవరైనా అడిగిన చోటు. నా పుస్తకంలో "11:42, ఫోన్లు" అని ఉన్న చోటే ట్యాంకర్ల లెక్క దొరికింది. పది స్లైడ్లకు ఇలాంటివి నాలుగైదు సరిపోతాయి. ఇన్‌స్టాగ్రామ్ ఇప్పుడు 20 స్లైడ్ల వరకు అనుమతిస్తున్నా, ఆ చోటంతా నింపాలన్న ఆశ పెట్టుకోకపోవడమే మేలు.

ఇక్కడ నిర్వాహకుల నుంచి ఒక ఒత్తిడి తప్పకుండా వస్తుంది: ఆరుగురు వక్తలకూ తలా ఒక స్లైడ్ ఉండాలని. ఎవరినీ చిన్నబుచ్చకూడదన్న వారి ఆలోచన న్యాయమైనదే. అయితే ఒకరి ప్రసంగంలో మూడు ముఖ్యాంశాలు ఉండి, మరొకరిది స్వాగతోపన్యాసమే అయినప్పుడు సమానంగా పంచితే చదువరికే నష్టం. అందరి పేర్లు, హోదాలు చివరి స్లైడ్‌లో ఒకే పరిమాణంలో పెట్టి, క్యాప్షన్‌లో అందరినీ ట్యాగ్ చేస్తామని ముందే చెబితే ఈ సమస్య సాధారణంగా అక్కడితో తీరుతుంది.

లక్షణం: "నేను అలా అనలేదండీ" అని వక్త ఫోన్ చేశారు

నాకు అన్నిటికంటే బాధ కలిగించిన తప్పు ఇది. భూగర్భ జలాలపై మాట్లాడిన వక్త మాటను నేను అయిదో స్లైడ్‌లో ఇలా పెట్టాను: "గుంత లోతుగా తవ్వినంత మాత్రాన నీరు ఇంకదు." చూడటానికి పదునుగా ఉంది. రికార్డింగులో ఆయన అన్న మాట వేరు: "మన హైదరాబాద్‌లో చాలా చోట్ల, అంటే... రాయి పైనే తగులుతుంది కదా, అలాంటి చోట గుంత లోతుగా తవ్వినంత మాత్రాన నీరు ఇంకదు, అక్కడ రీచార్జ్ బోరు గురించి ఆలోచించాలి."

కారణం: నగరం చాలావరకు గ్రానైటు రాతి మీద ఉంది. మట్టి పొర ఎంత మందం ఉందన్నది కాలనీకీ కాలనీకీ మారుతుంది. ఆయన మాటకు ప్రాణం ఆ షరతులోనే ఉంది. నేను షరతును ముందు నుంచీ, పరిష్కారాన్ని వెనుక నుంచీ తీసేశాను. మిగిలిన వాక్యం ఇంకుడు గుంతలే దండగ అన్నట్టు వినిపించింది.

పరిష్కారం: మాటను కుదించేటప్పుడు "అంటే", "కదా", "యాక్చువల్‌గా" వంటి ఊతపదాలను, తడబాటును తీసేయవచ్చు. "అయితే", "అలాంటి చోట", "కొన్నిసార్లు" వంటి మాటలను తాకకూడదు. వేర్వేరు నిమిషాల్లో అన్న రెండు వాక్యాలను ఒకే కోట్ గుర్తుల మధ్య అతికించకూడదు. వక్త "వాటర్ టేబుల్" అని ఉంటే "భూగర్భ జలమట్టం" అని మార్చి ఆయన నోట పెట్టకూడదు, ఎందుకంటే కోట్ గుర్తులు వేసిన తరువాత ఆ మాట ఆయనది. సవరించిన స్లైడ్ ఇలా ఉంది: "మన హైదరాబాద్‌లో చాలా చోట్ల రాయి పైనే తగులుతుంది, అలాంటి చోట గుంత లోతుగా తవ్వినంత మాత్రాన నీరు ఇంకదు, అక్కడ రీచార్జ్ బోరు గురించి ఆలోచించాలి." కొంచెం పొడవైంది, కానీ నిజమైంది.

పోస్టు చేసే ముందు స్లైడ్ బొమ్మను వక్తకు పంపడం నేను ఆ తరువాత ఎన్నడూ మానలేదు. వాట్సాప్‌లో పంపే సందేశం చిన్నదిగా ఉండాలి: "నమస్కారం సార్. నిన్నటి మీ ప్రసంగం నుంచి ఈ మాటను ఇలా పెడుతున్నాము. మార్పులేమైనా ఉంటే సాయంత్రం ఆరు లోపు చెప్పగలరు." గడువు రాయకపోతే జవాబు వారం తరువాత వస్తుంది.

అసలు ఏ మాటకు కోట్ స్లైడ్ ఇవ్వాలన్నది వేరే ప్రశ్న. లెక్కలు, పద్ధతులు, నియమాలు ఎవరు చెప్పినా ఒకటే కాబట్టి అవి ముఖ్యాంశాలుగా వెళ్ళాలి. ఆ మనిషి అనుభవం, అభిప్రాయం, హెచ్చరిక మాత్రమే కోట్‌గా నిలుస్తాయి. పది స్లైడ్లలో రెండు కోట్లు చాలు.

లక్షణం: ఫొటోలు బాగానే ఉన్నా, ఏ సదస్సుకైనా అతికేలా ఉన్నాయి

కారణం: జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, జ్ఞాపికలు, వేదిక మీద వరుసగా కూర్చున్న అతిథులు. ఫొటోగ్రాఫర్‌కు ముందుగా చెప్పిన జాబితా అదే, ఆయన దాన్ని నమ్మకంగా పూర్తిచేశారు. ఆ ఫొటోలు అతిథులకు విలువైనవి కనుక వాటిని విడిగా ఆల్బమ్‌గా పంపాలి. క్యారౌసెల్‌లో మాత్రం మాటలు చూపలేనిదాన్ని చూపే ఫొటోకే చోటు.

పరిష్కారం: ఏడు వందల ఫొటోలలో నాకు చివరికి మూడు దొరికాయి. ఒకటి, గాజు పెట్టెలో కంకర, ఇసుక పొరలు పేర్చిన గుంత నమూనాలోకి ఒకావిడ చెంబుతో నీళ్ళు పోస్తున్న క్షణం. పై పొరలో మురికిగా ఉన్న నీరు అడుగున తేటగా కనిపిస్తోంది. రెండోది, ఒక పెద్దాయన తన అపార్ట్‌మెంటు ప్లాన్ కాగితాన్ని వక్త ముందు పరిచి వేలు పెట్టి అడుగుతున్న ఫొటో. మూడోది ట్యాంకర్ల లెక్క ఉన్న తెర, దాని ముందు పైకెత్తిన ఫోన్లు. ఆ మూడోదాంట్లో ఎల్‌ఈడీ తెర మీద అడ్డచారలు పడ్డాయి, వాటిని తరువాత పూర్తిగా తీసేయడం కష్టం. హాలులోనే షటర్ వేగాన్ని 1/50 లేదా 1/100కు తగ్గించి రెండు మూడు పరీక్ష ఫొటోలు తీసి చూసుకుంటే చాలావరకు తప్పుతుంది. ఊదా రంగు వేదిక దీపాల కింద ముఖాలు పాడైన ఫొటోలను మాత్రం నలుపు–తెలుపులోకి మారిస్తే నిలబడతాయి. ఫొటోలను వాట్సాప్‌లో మామూలుగా కాకుండా డాక్యుమెంటుగా గానీ డ్రైవ్ లింకుగా గానీ తెప్పించుకోవాలి, లేకపోతే కుదించుకుపోయి వస్తాయి.

లక్షణం: మొదటి స్లైడ్ దగ్గరే ఆగిపోతున్నారు

కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: మొదటి స్లైడ్‌పై బ్యానర్, లోగోలు, తేదీ. ట్యాంకర్ల లెక్కను మూడో చోటు నుంచి మొదటి చోటుకు తెచ్చి, సదస్సు పేరును దాని కింద చిన్న అక్షరాలలో పెట్టాను. మొదటిసారి స్వైప్ చేయకుండా దాటిపోయిన వారికి ఇన్‌స్టాగ్రామ్ మళ్ళీ రెండో స్లైడ్‌ను చూపించవచ్చు కనుక, అది మొదటిదాని కొనసాగింపుగా కాక తనంతట తానే అర్థమయ్యేలా ఉండాలి. నీళ్ళు పోస్తున్న ఫొటోను అందుకే అక్కడ పెట్టాను. స్లైడ్లన్నీ 1080×1350 కొలతలోనే ఉంచండి, మొదటి స్లైడ్ ఆకారానికే మిగతావి కత్తిరింపుకు గురవుతాయి. అదే పోస్టును లింక్డ్‌ఇన్‌లో పెట్టాలంటే స్లైడ్లను ఒకే పీడీఎఫ్‌గా చేసి డాక్యుమెంటుగా ఎక్కించాలి.

లక్షణం: తెలుగు అక్షరాలు ఒకదానికొకటి తగులుతున్నాయి

ఇంగ్లిషు టెంప్లేటులో తెలుగు పోసినప్పుడు ఇలా అవుతుంది. పై వరుసలోని వొత్తు, కింది వరుసలోని గుడి ఢీకొంటాయి. వరుసల మధ్య దూరాన్ని అక్షర పరిమాణానికి ఒకటిన్నర రెట్లకు పెంచండి. దానివల్ల చోటు చాలకపోతే అక్షరాన్ని చిన్నది చేయకుండా వాక్యాన్ని తగ్గించండి. వొత్తులు విడిపోయి పక్కన కూర్చుంటే మాత్రం అది డిజైన్ సాఫ్ట్‌వేరు లోపం. ఫొటోషాప్‌లో Type ప్రిఫరెన్సెస్ కింద World-Ready Layout అన్న ఎంపిక కనిపిస్తే దాన్ని ఎంచుకుని కొత్త ఫైలులో మొదలుపెట్టాలి.

సవరించిన వరుస చివరికి ఇలా కుదిరింది: ట్యాంకర్ల లెక్క, నీళ్ళు పోస్తున్న ఫొటో, గుంతకు ముందు పూడిక తొట్టెను వానలకు ముందే శుభ్రం చేయాలన్న సూచన, రాతి నేల గురించిన కోట్, ప్లాన్ కాగితంతో పెద్దాయన, ఇంకో రెండు ముఖ్యాంశాలు, ఒక కోట్, పైకెత్తిన ఫోన్లు, అందరి పేర్లు. పూడిక తొట్టె స్లైడ్ తొలి వాన పడకముందే జనానికి చేరాలి కాబట్టి, మిగతా సవరణల కోసం ఆగకుండా దాన్ని ఆ సాయంత్రమే స్టోరీగా కూడా పెట్టాను.